ఎంత పోగొట్టాడన్నది అసలు ప్రశ్నే కాదు

ఒక ఇంట్లో బెట్టింగు సంగతి బయటపడిందంటే ముందు వచ్చే మాట ఒకటే: "ఎంత పోగొట్టాడు?" తండ్రి అడిగేదీ అదే, అప్పిచ్చినవాడు ఆరా తీసేదీ అదే, మర్నాడు పేపర్లో హెడ్డింగుకెక్కేదీ ఆ అంకే. యాభై లక్షలంటే ఊరంతా నోరు వెళ్లబెడుతుంది. యాభై వేలంటే "పోనీలే, కుర్రతనం, ఈపాటికి బుద్ధొచ్చి ఉంటుంది" అని సర్దుకుంటారు. పోయిన సొమ్ము పెద్దదైతే వ్యసనం, చిన్నదైతే సరదా. ఈ లెక్క ఎంతగా పాతుకుపోయిందంటే, ఆడేవాడు కూడా తనని తాను దానితోనే కొలుచుకుంటున్నాడు. "నేనేమన్నా పొలాలమ్మానా?" అన్న జవాబు అతని నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఈ కొలత తప్పు. తప్పు మాత్రమే కాదు, ప్రమాదకరం కూడా. జూదం మనిషిని పట్టుకుందో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు తయారుచేసిన ప్రశ్నావళుల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది పీజీఎస్ఐ. పూర్తి పేరు ప్రాబ్లమ్ గ్యాంబ్లింగ్ సివియారిటీ ఇండెక్స్. జాకీ ఫెరిస్, హెరాల్డ్ విన్ అనే ఇద్దరు 2001లో కెనడాలో దీన్ని సిద్ధం చేశారు. ఇందులో ఉన్నవి తొమ్మిదే ప్రశ్నలు. ఒక్కదానిలోనూ "ఎన్ని రూపాయలు?" అని ఉండదు. "వారానికి ఎన్నిసార్లు ఆడతారు?" అనీ ఉండదు. "ఏ ఆట?" అని కూడా ఉండదు.

ఇది మరుపు వల్ల జరిగింది కాదు. అంతకుముందు 1987లో అమెరికాలో లెసియర్, బ్లూమ్ అనే పరిశోధకులు తెచ్చిన సౌత్ ఓక్స్ ప్రశ్నావళిలో "ఒక్క రోజులో మీరు ఆడిన అతి పెద్ద మొత్తం ఎంత?" అన్న ప్రశ్న ఉంది. అయితే దానికి మార్కు వెయ్యరు. వివరం కోసం అడిగి, మొత్తం కూడేటప్పుడు పక్కన పెట్టేస్తారు. గ్యాంబ్లర్స్ అనానిమస్ వాళ్లు వాడే ఇరవై ప్రశ్నల్లోనూ మొత్తం ఎంతన్న మాట లేదు. జూదం వల్ల చితికిపోయినవాళ్లను దగ్గరగా చూసినవాళ్లు, వేర్వేరు దశాబ్దాల్లో, ఒకే నిర్ణయానికి వచ్చారు: అంకె అడిగితే జబ్బు కనపడదు.

ఎందుకు కనపడదో ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెడితే తెలుస్తుంది. ఇద్దరూ కల్పించినవాళ్లే, కానీ ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. మొదటాయన భీమవరం దగ్గర కాంట్రాక్టరు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరి దగ్గర నాలుగు లక్షలు పోగొట్టుకున్నాడు. పండక్కి ఇంత అని ముందే పక్కన పెట్టుకున్న డబ్బది. కనుమ సాయంత్రానికి అయిపోయింది, ఇంటికొచ్చేశాడు, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసు లేదు. రెండో అతను రాజమండ్రిలో మెడికల్ రిప్రజెంటేటివ్. జీతం 32 వేలు. ఫోన్లో రమ్మీ, ఐపీఎల్ రోజుల్లో బెట్టింగు. ఏడాది మొత్తం మీద పోయింది 74 వేలు.

ఊరి లెక్కలో కాంట్రాక్టరు జూదగాడు, రెప్పు అమాయకుడు. పీజీఎస్ఐ లెక్కలో కాంట్రాక్టరుకు వచ్చేది 1. భార్య అప్పుడప్పుడు తిడుతుంది కాబట్టి వచ్చిన ఒక్క మార్కది. (కోడిపందెం చట్టవిరుద్ధమన్నది వేరే సంగతి. ఆ ఒకటి ఆయనకు యోగ్యతాపత్రం కాదు.) రెప్పుకు ఎంత వస్తుందో కాస్త ఆగి చూద్దాం, ఎందుకంటే అది ఒక్క ప్రయత్నంలో సరిగ్గా రాదు.

డబ్బుతోనే కొలవాలనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు, బ్యాంకు స్టేట్‌మెంటు మాత్రం అబద్ధమాడదు కదా అంటారు. నిజమే. కానీ ఆ స్టేట్‌మెంటులోని అంకెను దేనితో పోల్చాలి? 74 వేలు కాంట్రాక్టరుకు ఒక పూట పందెం. రెప్పుకు రెండు నెలల జీతం దాటింది. ఇళ్లలో అంట్లు తోమి నెలకు ఎనిమిది వేలు తెచ్చుకునే ఆవిడకు ఆరు వేలు పోతే ఆ నెల పొయ్యి వెలగదు. అందుకే తొమ్మిది ప్రశ్నల్లో మొదటిది మొత్తాన్ని అడగకుండా తాహతును అడుగుతుంది: గత పన్నెండు నెలల్లో, పోతే తట్టుకోలేనంత డబ్బు పందెం కాశారా? రూపాయల ప్రసక్తి లేకుండానే ఈ ఒక్క ప్రశ్న రూపాయల్ని సరిగ్గా తూకం వేస్తుంది.

దీనికి జవాబు చెప్పేటప్పుడు చాలామంది జారిపోయేది ఇక్కడే. "అది నా జీతం, నా ఇష్టం, కాబట్టి నా తాహతులోదే" అనుకుంటారు. తాహతంటే చేతిలో ఉండటం కాదు. అద్దె, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, చీటీ వాయిదా, ఇంటికి పంపాల్సింది తీసేశాక మిగిలేది తాహతు. ఒకటో తారీఖున జీతం పడగానే ఆడిన రెండు వేలు తాహతులోవి కాకపోవచ్చు. మొదటి వారంలో ఆడినవాడికి ఆ సంగతి ఇరవయ్యో తారీఖున గానీ తెలియదు.

రెండో ప్రశ్న ఉత్సాహం గురించి: మునుపటి హుషారు రావడానికి ఇప్పుడు ఇంకా పెద్ద మొత్తం కావలసి వస్తోందా? తాగుడుకు అలవాటు పడ్డవాడికి పెగ్గులు పెరిగినట్టే ఇక్కడా జరుగుతుంది. పాయింట్స్ రమ్మీలో ఒక ఆటలో పోయేది గరిష్ఠంగా 80 పాయింట్లు. పాయింటు రూపాయి టేబుల్ మీద అది 80 రూపాయలు, పది రూపాయల టేబుల్ మీద 800. రూపాయి టేబుల్ చప్పగా అనిపించి పది రూపాయల టేబుల్‌కు మారినవాడు ఓడినా గెలిచినా ఈ ప్రశ్నకు అవునని చెప్పాల్సిందే. జీతం పెరిగింది కాబట్టి పందెం పెంచానంటే అది వేరే. అడుగుతున్నది మనసు ఎందుకు పెద్ద పందెం కోరుతోందని.

మూడోదే మొత్తం ప్రశ్నావళికి గుండెకాయ. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి మరో రోజు మళ్లీ వెళ్లారా? 'పోయిన చోటే వెతుక్కోవాలి' అని మనవాళ్లు పేకాట దగ్గర తరతరాలుగా అంటున్న మాటకు ఇది సూటిగా గురిపెడుతుంది. ఓడిన రోజే ఇంకో రెండు ఆటలు ఆడటం చాలామందికి మామూలే. నిద్రపోయి, లేచి, డ్యూటీకి వెళ్లి వచ్చాక కూడా ఆ పోయిన మొత్తమే బుర్రలో తిరుగుతూ ఆటలోకి లాగుతోందంటే ఆ ఆట మనిషిని ఏలడం మొదలైంది. గెలుపు మీద ఆశతో ఆడేవాడు ఎప్పుడో ఒకప్పుడు విసిగిపోతాడు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఆడేవాడికి ఆపడమంటే ఆ నష్టాన్ని ఒప్పుకోవడం. అందుకే ఆపలేడు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ ప్రశ్న రాసిన 2001లో జూదమంటే ఎక్కడికో వెళ్లి ఆడేది. కేసినో మూస్తారు, మనిషి ఇంటికొస్తాడు, మరో రోజు అన్న మాటకు స్పష్టమైన అర్థం ఉండేది. ఫోన్‌కు మూత లేదు. రాత్రి పదకొండున్నరకు ఓడి, యాప్ తీసేసి, పన్నెండున్నరకు మళ్లీ డౌన్‌లోడ్ చేసి ఆడినవాడు మరో రోజు ఆడినట్టా కాదా? క్యాలెండరు పట్టుకుని వాదించే బదులు ఒకటి చూడాలి: ఆట ముగిసిందని తానే నిర్ణయించుకున్నాక, ఓడిన డబ్బు కోసం ఆ నిర్ణయం మార్చుకున్నాడా? అలా మార్చుకుంటే ప్రశ్న అడిగిన లక్షణం అక్కడ ఉన్నట్టే.

నాలుగోది అప్పు. ఆడటానికి అప్పు చేశారా, ఏదైనా అమ్మారా? మన దగ్గర ఈ ప్రశ్నకు "లేదు" అని వచ్చే సమాధానాల్లో చాలా వాటిని మళ్లీ అడగాలి. లోన్ యాప్‌లో తీసుకుని వారంలో కట్టేసింది అప్పు కాదనుకుంటారు. స్నేహితుడి దగ్గర చేబదులు అప్పు కాదనుకుంటారు. క్రెడిట్ కార్డు అసలు లెక్కలోకే రాదు. చీటీని అవసరం లేకపోయినా ముందే పాడుకుని ఆ డబ్బు ఆటలో పెట్టడం, భార్య గాజులు ఫైనాన్స్ కంపెనీలో పెట్టి నెలలోగా విడిపించడం, ఇవన్నీ అప్పులే. తిరిగి కట్టాడా లేదా అన్నది ఈ ప్రశ్నకు సంబంధం లేని విషయం. కట్టగలిగినంత కాలం ఎవరికీ తెలియదు, అంతే.

ఈ నాలుగూ మనిషి ఏం చేస్తున్నాడో చూస్తాయి. తర్వాతి అయిదూ ఆ పని వల్ల ఏమవుతోందో చూస్తాయి. నాకు జూదంతో ఇబ్బంది ఉందేమోనని ఎప్పుడైనా అనిపించిందా అన్నది అయిదోది. ఆరోగ్యం, ఒత్తిడి, ఆందోళన ఆరోది. నిద్ర పట్టకపోవడం, ఫోన్ మోగితే గుండె దడ దీనిలోకే వస్తాయి. ఎవరైనా తప్పుపట్టారా, వాళ్లన్నది నిజమని మీకు అనిపించినా అనిపించకపోయినా సరే, అన్నది ఏడోది. ఎనిమిది, మీకు గానీ ఇంటికి గానీ డబ్బు ఇబ్బందులు వచ్చాయా అని. ఆడే తీరు గురించి, ఆడినప్పుడు జరిగేదాని గురించి తప్పు చేస్తున్నానన్న బాధ ఉందా అన్నది తొమ్మిదోది.

ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు: ఎప్పుడూ లేదంటే 0, అప్పుడప్పుడు అంటే 1, ఎక్కువసార్లు అంటే 2, దాదాపు ప్రతిసారీ అంటే 3. మొత్తం 27. సున్నా వస్తే ఇబ్బంది కనపడలేదని, 1 లేదా 2 వస్తే తక్కువ ముప్పు అని, 3 నుంచి 7 దాకా మధ్యస్థ ముప్పు అని, 8 గానీ అంతకు మించి గానీ వస్తే జూదం సమస్యగా మారిందని చదువుతారు.

రెప్పు మొదటిసారి కాగితం ముందు కూర్చున్నప్పుడు జవాబులు ఇలా ఉంటాయి. తాహతు? నా జీతమే కదా, సున్నా. పెద్ద మొత్తాలు? లేదు. పోయింది రాబట్టుకోవడం? ఎవరు చెయ్యరు, అప్పుడప్పుడు, ఒకటి. అప్పు? యాప్‌లో తీసుకున్నది కట్టేశాను, సున్నా. ఇబ్బంది, ఆరోగ్యం, తిట్లు, ఇంటి ఖర్చులు అన్నిటికీ సున్నా. బాధ? కొంచెం, ఒకటి. మొత్తం 2. తక్కువ ముప్పు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు.

అదే కాగితాన్ని పన్నెండు నెలల యూపీఐ హిస్టరీ పక్కన పెట్టుకుని నింపితే ఏమవుతుంది? మొత్తాలు కూడటానికి కాదు, తేదీలూ సమయాలూ చూడటానికి. రెండు నెలల్లో అద్దె పన్నెండో తారీఖు దాకా వెళ్లలేదు, అంతకు ముందు వారం యాప్‌లోకి వరసగా డిపాజిట్లున్నాయి. తాహతుకు 1, ఇంటి ఇబ్బందికి 1. వేసవిలో యాభై రూపాయల డిపాజిట్లు దసరా నాటికి అయిదు వందలయ్యాయి: ఇంకో 1. ఓడిన ప్రతి పెద్ద రోజు తర్వాత మర్నాడు పొద్దున్నే డిపాజిట్ ఉంది. ఇక్కడ అప్పుడప్పుడు అన్నది చెల్లదు, 2. లోన్ యాప్ నుంచి డబ్బు వచ్చిన పావుగంటకు రమ్మీ యాప్‌లోకి వెళ్లింది: 1. రాత్రి రెండు గంటల లావాదేవీలు చూస్తే నిద్ర సంగతి గుర్తొస్తుంది: 1. నాకేదో అవుతోందనిపించిన రోజులున్నాయి: 1. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నవన్నీ బాధ వల్లే కదా, దానికి 2. తిట్లకు మాత్రం సున్నా, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ తెలియదు. మొత్తం 10.

మనిషి మారలేదు, ఏడాది మారలేదు, పోయిన 74 వేలూ మారలేదు. 2 కాస్తా 10 అయింది. మొదటిసారి అతను కావాలని అబద్ధమాడిందీ లేదు. తాహతు, అప్పు, రాబట్టుకోవడం అన్న మాటల్ని తనకు అనుకూలమైన అర్థంలో చదువుకున్నాడు.

మొత్తాన్ని చదవడంలో జరిగే అతి పెద్ద పొరపాటు 8ని పాసు మార్కులా చూడటం. 'ఎంత పోయింది' అన్న పాత లెక్కే ఇక్కడ వేషం మార్చుకుని తిరిగొస్తుంది. రూపాయలకు బదులు మార్కులు. ఏడొచ్చినవాడు ఊపిరి పీల్చుకుంటాడు, ఎనిమిదొచ్చినవాడు బెంబేలెత్తుతాడు. ఏడుకూ ఎనిమిదికీ తేడా ఒక ప్రశ్నకు అప్పుడప్పుడు అనడం, ఎప్పుడూ లేదనడం మధ్య ఉన్న తేడాయే. గీత ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి గీశారు. అది కూడా రాతి మీద గీత కాదు. కెనడాలోనే షాన్ కరీ, డేవిడ్ హాడ్జిన్స్ బృందం 2013లో ఈ వర్గాల్ని మళ్లీ పరీక్షించి, తక్కువ ముప్పును 1 నుంచి 4 దాకా, మధ్యస్థాన్ని 5 నుంచి 7 దాకా మారిస్తే మనుషుల మధ్య తేడా మెరుగ్గా తెలుస్తుందని ప్రతిపాదించింది. అంటే 4 వచ్చినవాడు ఒక లెక్కలో మధ్యస్థం, ఇంకో లెక్కలో తక్కువ. మనిషి మాత్రం ఒక్కడే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. తొమ్మిదింటికీ "అప్పుడప్పుడు" అని చెప్పినవాడికి వచ్చేది 9. "ఎప్పుడూ ఆడే రకం కాదండీ, అప్పుడప్పుడు మాత్రమే" అనే మాట మన చెవులకు ఎంత మెత్తగా వినిపిస్తుందో! ఆ మెత్తని మాటే తొమ్మిదిసార్లు కలిస్తే గీత దాటేస్తుంది. దాటాలి కూడా. అప్పుడప్పుడు అప్పు, అప్పుడప్పుడు నిద్రలేమి, అప్పుడప్పుడు ఇంటి ఖర్చుకు కటకట, ఇవన్నీ ఒకే ఏడాదిలో ఒకే మనిషికి జరుగుతుంటే దాన్ని సరదా అనడానికి వీల్లేదు.

గీత కింద ఉన్నవాళ్లను వదిలేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మాథ్యూ బ్రౌన్ బృందం 2016లో లెక్కగట్టింది. జూదం వల్ల జనానికి కలిగే మొత్తం నష్టంలో, అంటే డబ్బు, ఆరోగ్యం, బంధాలు అన్నీ కలిపి, దాదాపు 85 శాతం 8 కంటే తక్కువ మార్కులున్న వాళ్లలోనే ఉందని తేలింది. ఒక్కొక్కరికి జరిగే చెరుపు చిన్నదే, కానీ అలాంటివాళ్లు చాలామంది. చిన్న చిన్న ఇబ్బందుల్ని కూడా నష్టంగా లెక్కవేశారని ఈ అంకెను తప్పుపట్టిన పరిశోధకులున్నారు, ఆ వాదన ఇంకా తెగలేదు. శాతం కాస్త తగ్గినా, ఏడు దాకా పర్వాలేదనే ధీమా మాత్రం నిలబడదు.

మొత్తం ఒకటే అయినా లోపలి మనుషులు వేరుగా ఉంటారు. ఒకరికి 3 వచ్చింది: అమ్మ తిట్టింది, దీపావళికి మూడు ముక్కలాట ఆడినందుకు మనసు పీకింది, అంతే. ఏడో ప్రశ్నకు 1, తొమ్మిదో ప్రశ్నకు 2. ఇంకొకరికీ 3 వచ్చింది: రాబట్టుకోవడానికి ఎక్కువసార్లు వెళ్లాడు, అప్పు చేశాడు. మూడో ప్రశ్నకు 2, నాలుగుకు 1. పేకముక్క ముట్టుకుంటేనే తప్పని పెంచిన ఇళ్లలో తిట్లూ అపరాధ భావమూ చవగ్గా వస్తాయి. అలాంటి ఇంట్లో మొదటి 3 చెప్పేది ఇంటి నియమాల గురించే ఎక్కువ. రెండో 3 ఆట పట్టు గురించి. తలుపేసుకుని ఫోన్లో ఆడే గృహిణికి ఏడో ప్రశ్న ఎప్పుడూ సున్నాయే, తిట్టడానికి ఎవరికైనా తెలిస్తే కదా! అందుకని కాగితం చివర ఉన్న అంకె ఒక్కటే చూసి పక్కన పెట్టకూడదు. ఏ ప్రశ్నల దగ్గర మార్కులు పడ్డాయో వెనక్కి వెళ్లి చూడాలి. మూడూ నాలుగూ వెలిగితే, మొత్తం ఎంత తక్కువైనా, ఆ మనిషితో మాట్లాడాలి.

ఇక 'ఏ ఆట' అన్న ప్రశ్న. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట, జూదం కాదు అన్నది మన దగ్గర చాలా పాత వాదన. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య, సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అంది. ఆ తీర్పును యాప్‌లవాళ్లు ఏళ్ల తరబడి కవచంలా వాడుకున్నారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు మార్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే తీసేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టింది. చట్టానికి ఆ చర్చ ముఖ్యం కావచ్చు. పీజీఎస్ఐకి ఎప్పుడూ ముఖ్యం కాలేదు. నైపుణ్యమున్న ఆటలో ఓడినవాడు కూడా మర్నాడు పొద్దున్నే డిపాజిట్ వేస్తాడు. పైగా "నాకు ఆట వచ్చు, ఈసారి జాగ్రత్తగా ఆడితే వచ్చేస్తుంది" అనే నమ్మకం అతన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

వ్యసనపరుడు నిజం చెప్పడు, వాడి జవాబులతో వాడి జబ్బు ఎలా తేలుతుందన్నది చివరి అభ్యంతరం. ఇతరులకు చూపించడానికి నింపితే చెప్పకపోవచ్చు. పెళ్లి సంబంధానికీ ఉద్యోగానికీ ఈ కాగితం నింపించి మార్కులు చూసే ఆలోచన ఎవరికైనా వస్తే అది దండగ, అందరికీ సున్నాలే వస్తాయి. తనకోసం తాను నింపుకునేవాడు ఎవరిని మోసం చేసి ఏం లాభం? రెప్పు ఉదాహరణలో చూశాం, తక్కువ మార్కులకు కారణం అబద్ధం కంటే అర్థం చేసుకోవడంలో తేడాయే. అబద్ధం గురించి పీజీఎస్ఐలో ప్రశ్న లేకపోవడం మాత్రం ఒక లోటే. దానికి 1997లో వచ్చిన రెండు ప్రశ్నల చిన్న పరీక్షను పక్కన పెట్టుకోవచ్చు: పందెం అంతకంతకూ పెంచాలనిపించిందా, ఎంత ఆడుతున్నావో నీకు ముఖ్యమైనవాళ్లతో అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? రెండిట్లో ఒక్కటి అవునన్నా ఇంకాస్త లోతుగా చూడాలని దాని భావం. మొత్తం మీద అంకె ఎంతని అబద్ధమాడటం తేలిక. అబద్ధమాడానా లేదా అన్నదానికి తనకు తాను అబద్ధం చెప్పుకోవడం కష్టం.

మార్కులు వచ్చాక వాటితో ఏం చెయ్యకూడదో కూడా తెలియాలి. పది వచ్చిందంటే జబ్బు ఖాయమైందని కాదు. డాక్టరు వాడే డీఎస్ఎమ్-5లో జూద వ్యాధికి తొమ్మిది లక్షణాలున్నాయి. వాటిలో కనీసం నాలుగు, ఏడాది కాలంలో ఉండాలి, అదీ ఎదురుగా కూర్చుని మాట్లాడాక. మానియా దశలో ఉన్న మనిషి కూడా ఇలాగే విచ్చలవిడిగా ఆడతాడు, అతనికి కావలసిన వైద్యం వేరు. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రామిపెక్సోల్ లాంటి మందులతో, జీవితంలో పేక ముట్టని పెద్దాయన జూదంలో పడ్డ సందర్భాలు వైద్యులకు తెలుసు. అలాంటప్పుడు చూడాల్సింది మందుల చీటీ. ఎందుకు అన్నది తొమ్మిది ప్రశ్నలకు తెలియదు.

కాలపరిమితి కూడా గుర్తుంచుకోవాలి. ప్రశ్నలన్నీ గత పన్నెండు నెలల గురించే. మూడు నెల్లుగా ఆపేసినవాడికి కూడా పది వస్తుంది, ఎందుకంటే మిగతా తొమ్మిది నెలలు ఇంకా లెక్కలో ఉన్నాయి. నెలనెలా నింపి, తగ్గడం లేదని నిరాశపడటంలో అర్థం లేదు. పధ్నాలుగు నెల్ల కిందట మానేసినవాడికి సున్నా వస్తుంది, అంతమాత్రాన స్నేహితుడి ఫోన్లో ఒక్క ఆట ఆడితే ఏమవుతుందిలే అనుకోవడానికి అది అనుమతి కాదు.

రెప్పు విషయంలో, ఆ 10 ఉన్న కాగితాన్ని అతను తీసుకెళ్లాల్సింది సైకియాట్రిస్టు దగ్గరికి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. వెళ్లే ధైర్యం లేకపోతే టెలి-మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మొత్తం అంకె కంటే ఏ ప్రశ్నకు ఏం జవాబన్నది అక్కడ ఎక్కువ పనికొస్తుంది. ఓడిన మర్నాడు పొద్దున్నే డిపాజిట్ పడుతోందని చెబితే, ఆ గంటలో ఫోన్ ఎవరి దగ్గర ఉండాలో, జీతం ఎవరి ఖాతాలో పడాలో అన్నంత వివరంగా మాట్లాడుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు తండ్రి ముందుగా అడిగేది ఎంతనే. 74 వేలని చెప్పాక ఆయన అప్పు తీర్చేసి, దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకుంటే మూడో ప్రశ్నకు ఉన్న 2 అక్కడే ఉంటుంది. అప్పు లేదు, చేతిలో జీతం ఉంది, పోయింది రాబట్టాలన్న ఆలోచన ఉంది. ఆ తండ్రికి చూపించాల్సింది అప్పుల లెక్క కాదు, ఓడిన రోజులూ వాటి మర్నాళ్లూ పక్కపక్కన రాసిన తేదీల పట్టీ.